ఒకే షేరుకు రెండు పన్నులు ఎందుకు?

ప్రశ్న: నేను హనుమకొండలో ఒక ప్రైవేటు కళాశాలలో అధ్యాపకురాలిని. ఒక కంపెనీ షేర్లు 2024 జూన్ 10న 200, 2025 జనవరి 20న 300 కొన్నాను. 2025 జూలై 16న వాటిలో 350 అమ్మాను. యాప్‌లో నా లాభం రూ.71,400 అని చూపించింది. బ్రోకర్ పంపిన పన్ను నివేదికలో మాత్రం రూ.81,000 అని, అందులో కొంత స్వల్పకాలికం, కొంత దీర్ఘకాలికం అని ఉంది. మిగిలిన 150 షేర్లకు అక్టోబరులో ఒకటికి ఒకటి బోనస్ కూడా వచ్చింది. ఏ లెక్క సరైనది? ఒకే షేరు మీద రెండు రకాల పన్ను ఎందుకు? నేను ఏయే కాగితాలు దాచుకోవాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: పన్ను నివేదికలోని రూ.81,000 సరైన అంకె. యాప్ చూపినదాన్ని తప్పు అనలేము గానీ, అది సగటు ధర మీద వేసిన లెక్క. ఆదాయపు పన్ను చట్టానికి సగటు ధరతో పని లేదు. డీమ్యాట్ ఖాతాలో ఉన్న షేర్లను అమ్మినప్పుడు, ముందుగా ఖాతాలోకి వచ్చినవే ముందుగా బయటకు వెళ్లినట్లు లెక్కించాలని చట్టంలోని 45(2ఎ) సెక్షను చెబుతుంది. కిరాణా కొట్టులో పాత బస్తా ఖాళీ అయిన తరువాతే కొత్త బస్తా విప్పినట్లే ఇక్కడ కూడా ఒక్కో విడత కొనుగోలు ఒక్కో బస్తా. ఆ బస్తాకు తనదైన తేదీ, తనదైన ధర ఉంటాయి. పన్నుకు సంబంధించినంత వరకు మీ వద్ద 500 షేర్లు ఒక కుప్పగా లేవు, రెండు విడతలుగా ఉన్నాయి.

మీరు పంపిన కాంట్రాక్ట్ నోట్ల ప్రకారం మొదటి విడతను షేరు రూ.400 చొప్పున, రెండవ విడతను రూ.560 చొప్పున కొన్నారు; అమ్మిన ధర రూ.700. లెక్క తేలికగా ఉండేందుకు బ్రోకరేజి వంటి ఖర్చులను ప్రస్తుతానికి పక్కన పెడదాము. అమ్మిన 350లో మొదటి 200 షేర్లు జూన్ విడతవి. వాటిపై షేరుకు రూ.300 చొప్పున రూ.60,000 లాభం వచ్చింది. అవి మీ వద్ద 13 నెలలకు పైగా ఉన్నాయి కనుక అది దీర్ఘకాలిక మూలధన లాభం. మిగిలిన 150 షేర్లు జనవరి విడతవి. వాటిపై షేరుకు రూ.140 చొప్పున రూ.21,000 లాభం వచ్చింది. అవి మీ వద్ద ఆరు నెలలైనా పూర్తిగా లేవు కనుక అది స్వల్పకాలికం. రెండూ కలిపితే రూ.81,000 అవుతుంది. యాప్ మాత్రం మొత్తం 500 షేర్లకు పెట్టిన రూ.2,48,000ను 500తో భాగించి, షేరు సగటు ఖరీదు రూ.496 అని తేల్చి, 350 షేర్లపై రూ.204 చొప్పున రూ.71,400 చూపించింది. ఈ రెండు అంకెల మధ్యనున్న రూ.9,600 ఎక్కడికీ పోలేదు. మీ వద్ద మిగిలిన 150 షేర్ల ఖరీదు యాప్ దృష్టిలో రూ.74,400 అయితే చట్టం దృష్టిలో రూ.84,000; ఆ తేడా సరిగ్గా రూ.9,600. చివరి షేరు అమ్మే రోజుకు రెండు లెక్కలూ కలుస్తాయి. కానీ పన్ను ఏ ఏడాదికి ఆ ఏడాది కట్టవలసినది కాబట్టి ఆ రోజు దాకా ఆగడం కుదరదు.

ఇక పన్ను విషయానికి వస్తాను. సెక్యూరిటీల లావాదేవీ పన్ను చెల్లించి ఎక్స్ఛేంజిలో అమ్మిన షేర్లకు, 2024 జూలై 23 నుంచి స్వల్పకాలిక లాభంపై 20 శాతం, దీర్ఘకాలిక లాభంపై 12.5 శాతం పన్ను ఉంది. దీర్ఘకాలికంలో ఏడాదికి మొదటి రూ.1,25,000 వరకు పన్ను లేదు. ఆ ఏడాది మీకు వేరే దీర్ఘకాలిక లాభాలు లేకపోతే మీ రూ.60,000 పూర్తిగా ఆ పరిమితిలోనే ఇమిడిపోతుంది. స్వల్పకాలిక లాభం రూ.21,000పై 20 శాతం అంటే రూ.4,200, దానిపై 4 శాతం సెస్సు రూ.168, మొత్తం రూ.4,368 కట్టాలి. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటి ఉంది. కొత్త పన్ను విధానంలో రూ.12 లక్షల లోపు ఆదాయానికి లభించే రిబేటు 2025-26 నుంచి ఇటువంటి ప్రత్యేక రేటు లాభాలకు వర్తించదు. అందువలన మీ జీతం మీద పన్ను సున్నా అయినా, జీతం ఒక్కటే ప్రాథమిక మినహాయింపు పరిమితిని దాటి ఉంటే, ఈ రూ.4,368 కట్టవలసిందే.

ఒకే షేరుపై రెండు రేట్లు ఎందుకని అడిగారు. సాధారణంగా మూడు కారణాలు చెబుతారు. మొదటిది, ఏళ్ల తరబడి పేరుకున్న లాభంలో కొంత భాగం నిజానికి లాభం కాదు, రూపాయి విలువ తగ్గడం వలన పెరిగినట్లు కనబడే అంకె మాత్రమే. రెండవది, అమ్మితేనే పన్ను పడుతుంది కనుక పన్ను బరువు ఎక్కువైతే మదుపరి అమ్మడమే మానుకుంటాడు, డబ్బు ఒకచోట గడ్డకట్టిపోతుంది. దీర్ఘకాలం ఉంచినదానిపై రేటు తగ్గిస్తే ఆ బిగింపు కొంత సడలుతుంది. మూడవది, నెలకొకసారి కొని అమ్మేవారి లాభం స్వభావంలో వ్యాపారపు రాబడికి దగ్గరగా ఉంటుంది కాబట్టి దాన్ని జీతానికీ వ్యాపార ఆదాయానికీ దగ్గరి రేటులో పెట్టడం న్యాయమని ప్రభుత్వాల వాదన.

వీటిలో మొదటి కారణం మన దేశపు షేర్ల విషయంలో పెద్దగా నిలవదని నా అభిప్రాయం. 12.5 శాతం రేటు పడే షేర్లకు ద్రవ్యోల్బణాన్ని బట్టి ఖరీదును పెంచి చూపే సౌకర్యం లేదు. 13 నెలలు ఉంచినా 13 ఏళ్లు ఉంచినా రేటు ఒకటే. అసలు కారణం చరిత్రలో కొంత కనబడుతుంది. 2004 అక్టోబరు 1న సెక్యూరిటీల లావాదేవీ పన్నును ప్రవేశపెట్టినప్పుడు, దానికి ప్రతిగా షేర్ల దీర్ఘకాలిక లాభంపై పన్నును పూర్తిగా ఎత్తివేసి, స్వల్పకాలికంపై 10 శాతం ఉంచారు. తరువాత స్వల్పకాలిక రేటు 15 శాతమైంది. 2018 ఏప్రిల్ నుంచి దీర్ఘకాలిక లాభంలో రూ.1 లక్ష దాటిన భాగంపై 10 శాతం పన్ను తిరిగి వచ్చింది. 2024 జూలైలో రెండు రేట్లూ ఇప్పటి స్థాయికి చేరాయి. లావాదేవీ పన్ను మాత్రం నేటికీ పోలేదు. అంటే ఈ తేడా ఒక ఆర్థిక సూత్రం నుంచి పుట్టినదానికంటే, మదుపరులను మార్కెట్లో నిలబెట్టాలన్న కోరికకూ ఖజానా అవసరానికీ మధ్య ఎప్పటికప్పుడు కుదిరిన సర్దుబాటుగానే ఎక్కువ కనబడుతుంది.

ఈ రేట్ల తేడా చూసి, జనవరి విడతను ఏడాది నిండేదాకా ఆపి ఉండవలసిందేమోనని మీకు అనిపించవచ్చు. లెక్క వేసి చూడండి. రూ.700కు అమ్మినప్పుడు షేరుకు రూ.140 లాభంలో 20 శాతం పోగా, సెస్సు సంగతి వదిలేస్తే, మీకు రూ.112 మిగిలింది. 12.5 శాతం రేటుతో అదే రూ.112 మిగలాలంటే లాభం రూ.128 ఉంటే చాలు, అంటే ధర రూ.688. మీరు ఆరు నెలలకు పైగా ఆగితే, ఆ లోగా షేరు రూ.688 కంటే కిందకు జారితే పన్నులో మిగిలినది ధరలో పోయినట్లే. మీకు రూ.1,25,000 మినహాయింపులో ఇంకా చోటు ఉంది కాబట్టి మీ విషయంలో ఆ గీత రూ.672 వద్ద ఉంటుంది. షేర్ల ధర ఆరు నెలల్లో నాలుగు శాతం అటూ ఇటూ కావడం వింతేమీ కాదు. ఏడాది నిండడానికి పది రోజులే ఉంటే ఆగడంలో అర్థం ఉంది గాని, ఆరు నెలలు కేవలం పన్ను కోసం ఆగమని నేను చెప్పను.

ఏడాది నిండడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. చట్టం చెప్పేది 12 నెలలకు మించి ఉంచాలని. సరిగ్గా ఏడాది తిరిగిన తేదీనే అమ్మితే వాదనకు చోటిచ్చినట్లవుతుంది. మరో రెండు మూడు రోజులు ఆగి అమ్మడం మేలు. తేదీగా తీసుకోవలసినది కాంట్రాక్ట్ నోటుపై ఉన్న తేదీ. షేర్లు డీమ్యాట్‌లో పడిన రోజు గాని, డబ్బు బ్యాంకులో జమ అయిన రోజు గాని కాదు. షేర్లు వాస్తవంగా చేతులు మారిన లావాదేవీలకు బ్రోకర్ నోటు తేదీనే ప్రమాణమని ప్రత్యక్ష పన్నుల కేంద్ర మండలి 1995లోనే స్పష్టం చేసింది.

మీ బోనస్ షేర్ల వద్ద యాప్ మరింతగా తప్పుదారి పట్టిస్తుంది. బోనస్ తరువాత మీ వద్ద 300 షేర్లు ఉన్నాయి. పెట్టుబడి రూ.84,000ను 300తో భాగిస్తే సగటు రూ.280 వస్తుంది, కొన్ని యాప్‌లు అదే చూపిస్తాయి. చట్టం అలా పంచదు. అసలు 150 షేర్ల ఖరీదు రూ.560గానే ఉంటుంది, తేదీ 2025 జనవరి 20గానే ఉంటుంది. బోనస్‌గా వచ్చిన 150 షేర్ల ఖరీదు సున్నా, వాటి వయసు కేటాయించిన తేదీ నుంచి మొదలవుతుంది. ఇప్పుడు మీరు 2026 జనవరి 20 దాటిన తరువాత 100 షేర్లను రూ.360కి అమ్మారనుకోండి. యాప్ రూ.8,000 లాభం అంటుంది. పన్ను లెక్కలో అవి పాత విడత షేర్లు కాబట్టి షేరుకు రూ.200 చొప్పున రూ.20,000 దీర్ఘకాలిక నష్టం వస్తుంది. ఆ నష్టాన్ని దీర్ఘకాలిక లాభంతోనే సరిపెట్టుకోవాలి. స్వల్పకాలిక లాభంతో సరిపెట్టడానికి వీలులేదు. అదే అమ్మకం జనవరి 20 లోపు జరిగి ఉంటే స్వల్పకాలిక నష్టమయ్యేది, దాన్ని రెండు రకాల లాభాలతోనూ సరిపెట్టవచ్చు. లాభం వచ్చినప్పుడు ఏడాది దాటడం మంచిదైతే, నష్టం వచ్చినప్పుడు ఏడాది దాటకపోవడమే ఉపయోగం. సరిపెట్టగా మిగిలిన మూలధన నష్టాన్ని ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకుపోవచ్చు గాని, నష్టం వచ్చిన ఏడాది రిటర్నును గడువులోగా దాఖలు చేసినవారికే ఆ హక్కు ఉంటుంది. రెండు రోజులు ఆలస్యంగా రిటర్ను వేసి ఎనిమిదేళ్ల హక్కును పోగొట్టుకున్నవారిని చూశాను.

నష్టం చూపించుకోవడానికి అమ్మి మళ్లీ కొనేవారు మరో సంగతి గమనించాలి. పాత షేర్లను అమ్మిన రోజే అదే ఖాతాలో, అదే ఎక్స్ఛేంజిలో అంతే సంఖ్యలో తిరిగి కొంటే, షేర్లు డీమ్యాట్ నుంచి కదలవు. బ్రోకర్ దాన్ని ఇంట్రాడే లావాదేవీగానే రాస్తాడు. ఇంట్రాడే లాభనష్టాలు మూలధన లాభాల కిందకు రావు; అవి స్పెక్యులేటివ్ వ్యాపార ఆదాయం. ఫ్యూచర్స్, ఆప్షన్లది వ్యాపార ఆదాయంలోనే మరో రకం. ఈ రెండింటికీ ఉంచిన కాలంతో సంబంధం లేదు, శ్లాబు రేటే పడుతుంది, రిటర్ను ఫారం కూడా ఐటీఆర్-2 బదులు ఐటీఆర్-3 అవుతుంది. మీరు వాటి జోలికి పోలేదు కాబట్టి ఇంతకంటే రాయను.

కాగితాల విషయానికి వస్తే, పైన చెప్పినదంతా ప్రతి విడతకూ రెండు ప్రశ్నల మీద ఆధారపడి ఉంది: ఎప్పుడు వచ్చింది, ఎంతకు వచ్చింది. ఆ రెండింటికీ మూల సాక్ష్యం కాంట్రాక్ట్ నోటు. బ్రోకర్ ప్రతి లావాదేవీ రోజుకూ దాన్ని ఈమెయిల్‌లో పంపుతాడు. దాన్ని ఈమెయిల్‌లోనే వదిలేయకుండా, ఆర్థిక సంవత్సరం వారీగా ఒక ఫోల్డరులో దించుకోండి. ధర ఒక్కటే కాక, బ్రోకరేజి, ఎక్స్ఛేంజి రుసుము, జీఎస్టీ, స్టాంపు సుంకం కూడా అందులో విడివిడిగా ఉంటాయి. కొన్నప్పటి ఈ ఖర్చులను ఖరీదుకు కలుపుకోవచ్చు, అమ్మినప్పటి ఖర్చులను రాబడి నుంచి తీసివేయవచ్చు. సెక్యూరిటీల లావాదేవీ పన్నును మాత్రం మూలధన లాభం లెక్కలో తీసివేయకూడదు. మీ అమ్మకం రూ.2,45,000పై 0.1 శాతం చొప్పున రూ.245 ఆ పద్దు కింద పోయి ఉంటుంది. దాన్ని ఖర్చుగా రాసుకోవడం మామూలుగా జరిగే పొరపాటు.

అమ్మనంతకాలం కొనుగోలు నోటు మీ వద్ద ఉండాలి, అది ఇరవై ఏళ్లయినా సరే. అమ్మిన తరువాత కూడా కనీసం ఎనిమిదేళ్లు ఉంచమని నా సలహా. నష్టాలను ముందుకు తీసుకుపోయే గడువు అంత ఉంది కాబట్టి, చివరి ఏడాదిలో ప్రశ్న వస్తే మొదటి ఏడాది కాగితమే చూపవలసి ఉంటుంది. 2018 జనవరి 31 నాటికే చేతిలో ఉన్న షేర్లైతే, కొన్న నోటుతోపాటు ఆ రోజు ఎక్స్ఛేంజిలో నమోదైన అత్యధిక ధర కూడా కావాలి. అసలు ఖరీదు తక్కువైనప్పుడు, అమ్మిన ధరకు మించకుండా ఆ రోజు ధరను ఖరీదుగా తీసుకునే వెసులుబాటు ఉంది.

కాంట్రాక్ట్ నోటు ఉండని షేర్లూ కొన్ని ఉంటాయి. బోనస్‌కు, హక్కుల షేర్లకు, ఐపీఓలో వచ్చినవాటికి కేటాయింపు సమాచారం, డీమ్యాట్ లావాదేవీల నివేదికే ఆధారం. డిపాజిటరీలైన సీడీఎస్ఎల్, ఎన్ఎస్‌డీఎల్ పంపే నివేదికలో అవి ఖాతాలో పడిన తేదీ కనబడుతుంది. కానీ ఎంతకు కొన్నారన్నది డిపాజిటరీ వద్ద నమ్మదగినట్లు ఉండదు. ఇది నాకు అనుభవమే. కొన్నేళ్ల క్రితం ఒక బ్రోకర్ వద్ద ఖాతా మూసి, షేర్లను మరొకరి వద్దనున్న డీమ్యాట్ ఖాతాకు బదిలీ చేయించుకున్నాను. కొత్త యాప్‌లో వాటి ఖరీదు గడి ఖాళీగా వచ్చింది, ఏడాది చివర పన్ను నివేదికలో అమ్మిన సొమ్మంతా లాభంగా తేలింది. పాత బ్రోకర్ సైటులోకి వెళ్దామంటే ఖాతాతోపాటు లాగిన్ కూడా మూతపడింది. పాత నోట్లు ఈమెయిల్‌లో మిగిలి ఉండబట్టి బయటపడ్డాను గాని, రెండు రోజులు వాటిని వెదకడానికే సరిపోయింది. మీరు ఎప్పుడైనా బ్రోకర్‌ను మార్చదలిస్తే, బదిలీ పత్రం మీద సంతకం పెట్టే ముందే మొదటి రోజు నుంచి నాటి వరకు ఉన్న లెడ్జరు, లావాదేవీల నివేదిక, కాంట్రాక్ట్ నోట్లు దించుకోండి.

వీటన్నిటి పైన మీరు సొంతంగా ఒక విడతల పట్టిక రాసుకోవాలి. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో కొనుగోలుకు ఒక్కో వరుస చాలు: షేరు పేరు, కొన్న తేదీ, సంఖ్య, ఖర్చులతో కలిపిన ఖరీదు, అమ్మిన తేదీ, అమ్మిన రాబడి. ఒక విడతలో కొంతే అమ్మితే ఆ వరుసను రెండుగా చీల్చండి. మీ జనవరి విడత 150, 150గా చీలుతుంది. బోనస్‌ను సున్నా ఖరీదుతో కొత్త వరుసగా చేర్చండి. కొన్న తేదీ B గడిలో, అమ్మిన తేదీ E గడిలో ఉంటే, ఏడాది దాటిందో లేదో ఈ సూత్రం చెబుతుంది:

```
=IF(E2>EDATE(B2,12),"దీర్ఘ","స్వల్ప")
```

ఒక కంపెనీ షేర్లు మీకు రెండు డీమ్యాట్ ఖాతాల్లో ఉంటే, పాతవి ముందు అనే నియమాన్ని ఏ ఖాతాకు ఆ ఖాతాలోనే పాటించాలి. అందుకని పట్టికలో ఖాతా పేరుకు కూడా ఒక నిలువు వరుస కేటాయించండి.

రిటర్ను వేసే ముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ వార్షిక సమాచార నివేదికను, అంటే ఏఐఎస్‌ను, ఈ పట్టికతో పోల్చి చూడండి. అందులో అమ్మకం విలువ మీ నోటులోని విలువకు కొంచెం తేడాగా కనబడితే కంగారు పడవద్దు. అక్కడ ఆ రోజు ముగింపు ధరను బట్టి వేసిన అంచనా అంకె ఉండవచ్చు. ఖరీదు గడిలోనూ అటువంటి అంచనాలే ఉంటాయి. రిటర్నులో రాయవలసినది కాంట్రాక్ట్ నోటు అంకె. తేడా పెద్దదైతే అదే పేజీలో ఆ లావాదేవీ ఎదుట స్పందన నమోదు చేసే సదుపాయం ఉంది, దాన్ని వాడుకోండి. మీరు అమ్మిన 350 షేర్లు కాకుండా వేరే అమ్మకం ఏదైనా అక్కడ కనబడితే మాత్రం ముందు బ్రోకర్‌ను అడిగి, ఆ తరువాతే రిటర్ను పని మొదలుపెట్టండి. 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి 1961 నాటి చట్టమే వర్తిస్తుంది. కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది కాబట్టి, మిగిలిన 300 షేర్లను ఆ తేదీ తరువాత అమ్మితే రిటర్నులో సెక్షన్ల సంఖ్యలు మారి కనిపిస్తాయి.